చెప్పకుండా అతిథులను రాత్రుళ్ళు ఉంచుకుంటున్న టెనెంట్‌కు హెచ్చరిక లేఖ రాయడం ఎలా

ఫ్లాట్ ఇద్దరికి అద్దెకిచ్చారు. మూడో మనిషి ఒకరు వచ్చి వారం, పది రోజులు ఉండి వెళ్తున్నారు. నెల తిరిగేసరికి మళ్ళీ వస్తున్నారు. మీరు ఫోన్‌లో రెండుసార్లు చెప్పారు, వాళ్ళు "సరే అంకుల్, ఇకమీద ఉండదు" అన్నారు. అయినా ఆగలేదు. ఇప్పుడిక కాగితం మీద పెట్టాలి. ఆ లేఖ రెండు పనులు చేయాలి: జరిగిన తప్పేమిటో వేలు పెట్టి చూపించాలి, దాన్ని సరిచేసుకోవడానికి నిజమైన అవకాశం ఇవ్వాలి. రెండోది చాలామంది ఓనర్లు మర్యాద కోసం రాసే మాట అనుకుంటారు. అది మర్యాద కోసం కాదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 114ఏ ప్రకారం, అగ్రిమెంటు షరతు తప్పారన్న కారణంతో ఖాళీ చేయించమని కోర్టుకు వెళ్ళాలంటే, ముందుగా ఆ తప్పేమిటో రాతపూర్వకంగా చెప్పి, సరిచేయగలిగినదైతే సరిచేయమని అడిగి, తగినంత సమయం ఇచ్చి ఉండాలి. ఈ లేఖ లేకుండా వేసిన దావా మొదటి మెట్టు మీదే జారుతుంది.

ఇక్కడ చెప్పేది హైదరాబాద్‌లో మామూలుగా కనిపించే అద్దె ఇల్లు గురించి: డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 11 నెలల అగ్రిమెంటు, నెలకు 24,000 అద్దె. తెలంగాణ అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు వర్తించదు కాబట్టి ఇలాంటి ఇంటి తగాదా మామూలు సివిల్ కోర్టుకే వెళ్తుంది, ఆస్తి బదిలీ చట్టమే నడుస్తుంది.

ముందు అగ్రిమెంటు తీసి చదవండి

కలం పట్టే ముందు అగ్రిమెంటులో మూడు చోట్లు చూడాలి.

మొదటిది, అతిథుల గురించి అసలు షరతు ఉందా? స్టాంపు వెండర్ దగ్గర దొరికే రెడీమేడ్ ఫారాల్లో "సబ్ లీజుకు ఇవ్వరాదు" అని మాత్రమే ఉంటుంది. స్నేహితుడు పది రాత్రులు పడుకున్నంత మాత్రాన అది సబ్ లీజు కాదు. సబ్ లీజు అంటే ఇంటిని గానీ, అందులో కొంత భాగాన్ని గానీ ఇంకొకరి నుంచి అద్దె తీసుకుని వాళ్ళ చేతిలో పెట్టడం. షరతులో లేని తప్పును లేఖలో మోపితే, ఆ లేఖ మీకే ఎదురు తిరుగుతుంది. అతిథుల షరతు లేకపోతే హెచ్చరిక రాయకండి. రెన్యువల్‌లో ఆ షరతు చేర్చుకోవడం తప్ప ఈ దారిన వెళ్ళి లాభం లేదు.

రెండోది, షరతు తప్పితే ఓనరు అగ్రిమెంటు రద్దు చేసి ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు అనే మాట ఉందా? గడువు నడుస్తుండగా మధ్యలో లీజు తెగాలంటే ఈ మాట ఉండాలి (సెక్షన్ 111(జి)). లేకపోతే షరతు తప్పినందుకు నష్టపరిహారం అడగవచ్చేమో గానీ, గడువు లోపల ఖాళీ చేయించడం కష్టం.

మూడోది, గడువు ఎప్పటితో అయిపోతుంది? దీన్ని చాలామంది చూడరు. అగ్రిమెంటు ఇంకో నెలన్నరలో ముగుస్తుంటే ఇంత తతంగం అక్కర్లేదు, రెన్యువల్ చేయనని ముందే రాసి చెప్పేస్తే చాలు. గడువు ఎప్పుడో ముగిసి, రెన్యువల్ లేకుండా నెలనెలా అద్దె పుచ్చుకుంటుంటే అది నెలవారీ అద్దె కింద లెక్క. దాన్ని ముగించడానికి సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు, కారణం కూడా చెప్పనక్కర్లేదు. తప్పు రుజువు చేసే భారం నెత్తిన వేసుకోవడమెందుకు?

ఇంకో మాట. అగ్రిమెంటు రిజిస్టర్ చేయించకపోతే అందులోని షరతులను కోర్టులో చూపించేటప్పుడు అవతలి లాయరు అభ్యంతరం పెడతాడు. లేఖ రాయడానికి ఇది అడ్డు కాదు గానీ, దావా దాకా వెళ్ళే ఆలోచన ఉంటే అగ్రిమెంటు ముందే లాయరుకు చూపించండి.

రాత్రులు లెక్కపెట్టండి, మనుషులను కాదు

మన ఉదాహరణలో అగ్రిమెంటు 1 జూన్ 2025న మొదలైంది. 9వ షరతు ఇలా ఉంది అనుకోండి: "అద్దెదారులిద్దరు తప్ప ఇతరులు నివసించరాదు. ఏ అతిథి అయినా వరుసగా 3 రాత్రులకు మించి ఉండవలసి వస్తే ఓనరు అనుమతి ముందుగా రాతపూర్వకంగా (వాట్సాప్ సందేశంతో సహా) తీసుకోవాలి."

ఈ షరతు దేన్ని కొలుస్తోంది? వరుస రాత్రులను. కాబట్టి మీ ఆధారం కూడా రాత్రులనే చూపాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. గేటు యాప్‌లో సాయంత్రం 7:40కి లోపలికి వచ్చినట్టు ఎంట్రీ ఉంటే చాలనుకుంటారు. అది వచ్చినట్టు మాత్రమే చెబుతుంది, రాత్రి ఉన్నట్టు కాదు. భోంచేసి పదింటికి వెళ్ళిపోయి ఉండవచ్చు. రాత్రి ఉన్నారని చెప్పాలంటే సాయంత్రం లోపలికి వచ్చిన ఎంట్రీ, మర్నాడు పొద్దున బయటికి వెళ్ళిన ఎంట్రీ రెండూ కావాలి. వాచ్‌మన్ రాసుకునే నోట్‌బుక్కులో చాలాసార్లు "అవుట్" కాలమ్ ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు ఆ రాత్రిని లెక్కలోంచి తీసేయండి. పన్నెండు అనుమానపు రాత్రుల కన్నా ఎనిమిది గట్టి రాత్రులే బలం.

లెక్క ఒక కాగితం మీద ఇలా తేలింది అనుకుందాం.

ఆగస్టు 4 రాత్రి నుంచి 11 రాత్రి వరకు: 8 రాత్రులు. 13న ఓనరు వాట్సాప్‌లో గుర్తు చేశారు, "సారీ అంకుల్" అని జవాబు వచ్చింది.
సెప్టెంబర్ 5 నుంచి 10 వరకు: 6 రాత్రులు. 12న మళ్ళీ వాట్సాప్.
అక్టోబర్ 3, అంటే దసరా మర్నాటి నుంచి 12 వరకు: 10 రాత్రులు. 13న కూడా ఆ మనిషి ఇంట్లోనే ఉన్నారు.

ఆ "సారీ అంకుల్" సందేశం ఈ మొత్తం ఫైల్లో చాలా విలువైన కాగితం. అతిథి ఉన్నారని టెనెంట్ స్వయంగా ఒప్పుకున్నట్టు అది. స్క్రీన్‌షాట్ తీసుకోండి గానీ అసలు చాట్ చెరపకండి, ఫోన్ మార్చేటప్పుడు చాట్‌ను కొత్త ఫోన్‌కు సరిగ్గా తెచ్చుకోండి. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అది ఎలాంటి పరికరం నుంచి వచ్చిందో అందులో చెప్పాల్సి ఉంటుంది.

ఆధారం కోసం చేయకూడని పనులు కొన్నున్నాయి. డూప్లికేట్ తాళంతో లోపలికెళ్ళి పరుపులు లెక్కపెట్టడం, ఫ్లాట్ తలుపు తెరిస్తే లోపల కనిపించేలా కెమెరా పెట్టడం, రాత్రి పదకొండింటికి తలుపు కొట్టడం. అద్దె కడుతున్నంత కాలం ఆటంకం లేకుండా ఇంట్లో ఉండే హక్కు టెనెంట్‌ది. ఇలాంటిది ఒక్కటి చేస్తే తగాదా మీ తప్పు మీదికి మళ్ళుతుంది.

వచ్చినవారు ఆడా మగా, ఏ మతం, వాళ్ళకూ టెనెంట్‌కూ ఏమిటి సంబంధం అన్నవి లేఖలో ఒక్క ముక్క కూడా రాయకండి. "మా అపార్ట్‌మెంట్‌లో కుటుంబాలు ఉంటాయి" అనే వాక్యం రాయాలని చేయి దురద పెడుతుంది. షరతు దాని గురించి మాట్లాడటం లేదు, మీరూ మాట్లాడవద్దు.

సరిచేయడం అంటే ఏమిటో మీరే చెప్పండి

"తక్షణమే ఉల్లంఘనలు ఆపవలెను" అని రాస్తే టెనెంట్‌కు ఏం చేయాలో తెలియదు, గడువు తర్వాత చేశారో లేదో మీరూ చెప్పలేరు. సరిచేసిన స్థితి ఎలా ఉంటుందో కళ్ళకు కట్టినట్టు రాయాలి. మన ఉదాహరణలో అది మూడు పనులు: అతిథి ఫలానా తేదీలోపు వెళ్ళిపోవాలి, ఇకపై మూడు రాత్రులు దాటే అతిథి ఉంటే ముందుగా వాట్సాప్ చేస్తామని టెనెంట్లు ఒక వాక్యం రాసివ్వాలి, మూడో మనిషి ఇక్కడే ఉండాలనుకుంటే అదే గడువులో ఆ మాట చెప్పి, ఆధార్ కాపీ ఇచ్చి, అగ్రిమెంటుకు అనుబంధం రాసుకోవడానికి ముందుకు రావాలి. మూడోది మీకు ఇష్టం లేకపోతే రాయకండి. కానీ చాలా సందర్భాల్లో గొడవ తీరేది దానితోనే. మనిషి పెరిగినందుకు మెయింటెనెన్స్, నీళ్ళ వాటా ఎంత పెంచాలో కూడా అక్కడే తేలిపోతుంది.

గడువు ఎంత? చట్టం "తగినంత సమయం" అంటుందే తప్ప రోజులు చెప్పదు. అతిథిని పంపడానికి 15 రోజులు మామూలుగా సరిపోతాయి. 24 గంటలు, 48 గంటలు అని రాస్తే అవకాశం ఇచ్చినట్టు నటించారనిపిస్తుంది. గడువును లేఖ తేదీ నుంచి కాకుండా, లేఖ అందిన రోజు నుంచి లెక్కపెట్టండి. అందిన రోజును వదిలేయాలి. అక్టోబర్ 17న అందితే 18 మొదటి రోజు, నవంబర్ 1 పదిహేనో రోజు. మధ్యలో 20న దీపావళి వస్తోంది. పండక్కి అమ్మానాన్నలు వచ్చి రెండు రాత్రులు ఉంటే అది షరతు లోపలే ఉంది, దాన్ని కొత్త తప్పుగా రాసుకోవద్దు.

లేఖ

అగ్రిమెంటు ఏ భాషలో ఉంటే లేఖ ఆ భాషలోనే రాయడం మేలు, షరతును ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయవచ్చు. ఇంగ్లీషు అగ్రిమెంటైతే కింది లేఖను ఆ భాషలో రాయించండి. అగ్రిమెంటులో సంతకం చేసిన ఇద్దరి పేర్లూ పైన ఉండాలి. ఒకరికే రాస్తే రెండోవారు "నాకేం తెలియదు" అంటారు.

> తేదీ: 14 అక్టోబర్ 2025
>
> శ్రీ ________ గారికి, శ్రీ ________ గారికి,
> ఫ్లాట్ నం. 302, ________ అపార్ట్‌మెంట్స్, హైదరాబాద్.
>
> విషయం: అద్దె అగ్రిమెంటు 9వ షరతు ఉల్లంఘన, సరిచేసుకోవడానికి గడువు
>
> 1. పై ఫ్లాటును 1 జూన్ 2025 నాటి అగ్రిమెంటు ప్రకారం మీ ఇద్దరికీ అద్దెకు ఇచ్చాను.
>
> 2. 9వ షరతు ప్రకారం ఏ అతిథి అయినా వరుసగా 3 రాత్రులకు మించి ఉండాలంటే నా అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి.
>
> 3. అనుమతి లేకుండా ఒక అతిథి కింది రాత్రుళ్ళు ఫ్లాటులో ఉన్నారు: ఆగస్టు 4 నుంచి 11 వరకు (8 రాత్రులు), సెప్టెంబర్ 5 నుంచి 10 వరకు (6 రాత్రులు), అక్టోబర్ 3 నుంచి 12 వరకు (10 రాత్రులు). ఆగస్టు 13న, సెప్టెంబర్ 12న వాట్సాప్‌లో మీకు ఈ విషయం గుర్తు చేశాను.
>
> 4. ఈ లేఖ అందిన 15 రోజుల లోపు (అ) ఆ అతిథి బస ముగించాలి. (ఆ) ఇకపై 9వ షరతు పాటిస్తామని మీ ఇద్దరి సంతకాలతో రాసి ఇవ్వాలి. ఆ వ్యక్తి ఇక్కడే నివసించాలని మీరు కోరుకుంటే, అదే గడువులో రాసి అడగండి. అగ్రిమెంటుకు అనుబంధం విషయం మాట్లాడుకుందాం.
>
> 5. గడువు లోపు సరిచేయకపోయినా, ఆ తర్వాత మళ్ళీ ఇదే జరిగినా, షరతు తప్పితే అగ్రిమెంటు రద్దు చేయవచ్చన్న 14వ షరతు ప్రకారం దాన్ని ముగించే నోటీసు వేరుగా ఇచ్చి, చట్టప్రకారం చర్య తీసుకుంటాను.
>
> 6. ఇది ఖాళీ చేయమనే నోటీసు కాదు. అగ్రిమెంటు యథాతథంగా కొనసాగుతోంది. ఈ మధ్యలో నేను తీసుకునే అద్దె, పై ఉల్లంఘనల విషయంలో నా హక్కులను వదులుకున్నట్టు కాదు.
>
> 7. పై వివరాల్లో తప్పు ఉందని మీరు భావిస్తే, ఏ తేదీ తప్పో గడువు లోపు రాసి పంపండి, పరిశీలిస్తాను.
>
> సంతకం
> (ఓనరు పేరు, ఫోన్)

ఐదు, ఆరు పేరాల మీద కాస్త ఆగాలి. "సరిచేసుకోండి, లేదా 15 రోజుల్లో ఖాళీ చేయండి" అని ఒకే వాక్యంలో రాసే అలవాటు మనకుంది. సరిచేయమని చెప్పే లేఖ లీజు బతికి ఉందంటుంది, ఖాళీ చేయమనే నోటీసు లీజు అయిపోయిందంటుంది. రెండూ ఒకే కాగితంలో ఉంటే మీరు దేన్ని ఇచ్చారో ఎవరికీ తేలదు. అందుకే "వేరుగా ఇచ్చి" అన్న మాట.

అద్దె సంగతి ఇంకా సున్నితం. షరతు తప్పడం వల్ల లీజు రద్దుచేసే హక్కు వచ్చిందని తెలిసీ, ఆ తర్వాతి కాలపు అద్దె మాట్లాడకుండా పుచ్చుకుంటే, ఆ తప్పును మీరు వదిలేసినట్టు చట్టం చూస్తుంది (సెక్షన్ 112). ఒకటో తారీఖున యూపీఐలో 24,000 పడుతూనే ఉంటుంది, దాన్ని మీరు ఆపలేరు. ఆరో పేరా ఉన్నది అందుకే. అది పూర్తి కవచం కాదు, కాబట్టి గడువు దాటి సరిచేయకపోతే నెలల తరబడి అద్దె తింటూ కూర్చోకుండా వెంటనే తర్వాతి నోటీసు ఇవ్వాలి.

ఏడో పేరా చిన్నదే గానీ పని చేసేది. టెనెంట్ "సెప్టెంబర్‌లో వచ్చింది వేరే మనిషి, మూడు రాత్రులే" అని రాస్తే, మిగతా తేదీల గురించి మౌనంగా ఉన్నట్టే.

లేఖలో రాయకూడనివి: కరెంటు తీసేస్తాను, నీళ్ళు ఆపుతాను, అడ్వాన్సు తిరిగివ్వను, సామాను బయట పెడతాను, రోజుకు వెయ్యి జరిమానా. అగ్రిమెంటులో లేని జరిమానా వసూలు కాదు. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం మార్చి బయటికి నెట్టేస్తే, టెనెంట్ ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం తెచ్చుకోవచ్చు. ఓనరు ఎవరన్నది అక్కడ ప్రశ్నే కాదు.

పంపడం

రెండు కవర్లు, ఇద్దరికీ విడివిడిగా. రిజిస్టర్డ్ పోస్ట్ 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కాబట్టి, స్పీడ్ పోస్ట్‌కు రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు జోడించమని కౌంటర్ దగ్గర అడగండి. రసీదు మీద పిన్ కోడ్, పేరు సరిగ్గా పడ్డాయో అక్కడే చూసుకోండి. తప్పు పిన్ కోడ్‌తో తిరిగొచ్చిన కవరు దేనికీ పనికిరాదు. డెలివరీ అయిన రోజే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసిపెట్టుకోండి, కొన్నాళ్ళకు అది కనిపించదు.

అదే రోజు లేఖ పీడీఎఫ్‌ను ఇద్దరికీ వాట్సాప్‌లోనూ పంపండి. అది పోస్టుకు బదులు కాదు, తోడు. కవరు "తీసుకోలేదు" అని తిరిగొస్తే దాన్ని చించకుండా అలాగే ఫైల్లో పెట్టండి. సరైన చిరునామాకు పంపిన కవరును కావాలని తిప్పికొడితే, అందినట్టే కోర్టులు భావించే అవకాశం ఎక్కువ. "తలుపు తాళం" అని వస్తే అంత బలం ఉండదు. అప్పుడు ఒక సాక్షితో వెళ్ళి చేతికి ఇవ్వండి, మీ దగ్గర ఉంచుకునే ఆఫీస్ కాపీ మీద సంతకం, తేదీ, సమయం తీసుకోండి. ఇంట్లో పెద్దవారైన కుటుంబ సభ్యుడికి ఇచ్చినా చెల్లుతుంది. వాచ్‌మన్‌కు ఇచ్చి రావడం మాత్రం చెల్లదు, అతను టెనెంట్ మనిషి కాదు.

ఓనరు అమెరికాలో ఉండి, ఇక్కడ బావమరిదో తమ్ముడో ఇల్లు చూసుకుంటున్నట్టయితే, సంతకం ఎవరిదన్నది ముందే తేల్చుకోండి. ఓనరు తరఫున సంతకం చేసేవారికి జీపీఏ అనే అధికార పత్రం ఉండాలి, లేఖలో దాని తేదీ రాయాలి. అది లేకుండా బావమరిది సంతకం పెట్టిన హెచ్చరికకు "మీరెవరండీ?" అని ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది.

నవంబర్ 2 పొద్దున

గడువు మర్నాడు ఒకసారి చూసి, ఏం జరిగిందో ఆ రోజే రాసుకోండి.

అతిథి వెళ్ళిపోయి, రాసిచ్చారంటే, మీరూ రెండు వాక్యాలు రాయండి: "మీ అక్టోబర్ 30 నాటి ఉత్తరం అందింది. 14 అక్టోబర్ లేఖలోని విషయం ప్రస్తుతానికి సరిచేసినట్టు నమోదు చేసుకున్నాను, 9వ షరతు అమల్లోనే ఉంది." ఈ ముక్క రాయకపోతే ఏప్రిల్‌లో మళ్ళీ మొదలైనప్పుడు "అప్పుడు మీరేమీ అనలేదుగా" అనే మాట వస్తుంది. మళ్ళీ జరిగితే ఈసారి తేదీలతో కొత్త లేఖ రాసి, పాత లేఖను అందులో ప్రస్తావించండి.

సగం చేశారనుకోండి: మనిషి వెళ్ళాడు, రాసివ్వలేదు. అసలు తప్పు సరైపోయింది కాబట్టి కేవలం సంతకం కోసం లీజు తెంచుకోవాలని చూడకండి. ఒక వాట్సాప్‌తో గుర్తు చేసి ఊరుకోండి.

ఏమీ చేయకపోతే, ఇప్పుడు లాయరు దగ్గరికి వెళ్ళండి. అగ్రిమెంటు, రాత్రుల లెక్క, వాట్సాప్ చాట్, లేఖ ఆఫీస్ కాపీ, పోస్టు రసీదు, డెలివరీ ప్రింటు, ఈ ఆరూ ఒక ఫైల్లో పట్టుకెళ్ళండి. లీజు ముగించే నోటీసు ఆయన రాస్తారు. ఇంట్లో మూడో మనిషి అద్దె వాటా కడుతున్నాడని, అంటే అతిథి కాదు సబ్ టెనెంట్ అని బయటపడితే ఆ సంగతి ముందే చెప్పండి. సబ్ లీజు కూడదన్న షరతు తప్పితే సెక్షన్ 114ఏ ఇచ్చే సరిచేసుకునే అవకాశం వర్తించదు, నోటీసు రాసే తీరే మారిపోతుంది.